రెండుసార్లెక్కిన మూడు లోడ్లు

హాలియాలో సిమెంటు, ఇనుము అమ్మే బుచ్చయ్య సేటు దుకాణంలో గ్లోరీ తొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తోంది. కట్టంగూరు పిల్ల. తల్లి బిక్షమ్మ పత్తి చేలలో కూలికి పోయి నల్లగొండలో బీకాం చదివించింది. చదివినందుకు ఊళ్లో గౌరవమైతే పెరిగింది గానీ, జీతం పదహారు వేల దగ్గరే మొండికేసి కూర్చుంది. అయినా గ్లోరీకి ఒక పేరుంది. ఆమె రాసిన లెక్క మళ్లీ చూసుకోనక్కర్లేదని బజారంతా అంటారు. పక్క ఎరువుల దుకాణం వాళ్లు కూడా నెలాఖరున వచ్చి, "జర మా రిటర్ను చూడు గ్లోరీ" అని బతిమాలుతారు. మనిషికి ఆస్తులుంటే ఆస్తులు, లేనివాళ్లకు పేరు. ఆమెకున్నదల్లా అదొక్కటే.

2024 వానాకాలం నాట్లప్పుడు పన్నుల శాఖ నుంచి ఆడిట్ నోటీసు వచ్చింది. 2021-22 సంవత్సరానికి దుకాణం పుస్తకాలు, జీఎస్టీ రిటర్నులు, సరుకు లెక్క అన్నీ సిద్ధంగా పెట్టాలని, పదిహేను పనిదినాల తర్వాత అధికారులు వస్తారని దాని సారాంశం. బుచ్చయ్య నోటీసును రెండు వేళ్లతో పట్టుకుని గ్లోరీ టేబుల్ మీద పడేశాడు. "నువ్వున్నవు గద, నాకేం ఫికర్" అన్నాడు. ఆయనకు నిజంగానే ఫికర్ లేదు. ఆ పూట నిశ్చింతగా ఇంటికెళ్లి భోంచేసి పడుకున్నాడు.

గ్లోరీ పని మొదలుపెట్టింది. పని చెప్పడానికి చిన్నదే. దుకాణం సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటుంది. దాన్నే క్రెడిట్ అంటారు. ఎంత తగ్గించుకున్నారో నెలనెలా రిటర్నులో చెప్పాలి. అటు సరుకు అమ్మిన కంపెనీ కూడా తన బిల్లులన్నీ ప్రభుత్వానికి చెబుతుంది. అలా చెప్పినవన్నీ కొన్నవాళ్ల పేరు మీద ఒక పట్టీగా పోర్టల్లో కనిపిస్తాయి. ఆ పట్టీని టూ-బీ అంటారు. ఒకవైపు మన పుస్తకం, ఒకవైపు మన రిటర్ను, మధ్యలో టూ-బీ. మూడూ ఒక్కటే మాట చెప్పాలి.

చెప్పలేదు. సంవత్సరం మొత్తం మీద రిటర్నుల్లో తీసుకున్న క్రెడిట్, టూ-బీ కన్నా నలభై ఒక్క వేల నూట అరవై ఎక్కువుంది.

బిల్లు వెంట బిల్లు టిక్కు పెట్టుకుంటూ పోతే రెండో రోజు మధ్యాహ్నానికి దొరికింది. మూడు సిమెంటు లోడ్లు, లోడుకు రెండు వందల బస్తాలు, లోడుకు పదమూడు వేల ఏడు వందల ఇరవై పన్ను. మూడూ పుస్తకంలో రెండేసి సార్లు ఎక్కాయి. కరోనా రెండోసారి వచ్చి లాక్‌డౌన్ పెట్టిన రోజులవి. కంపెనీ గుమస్తా బిల్లును ఫోన్లో పంపేవాడు, అందులో అక్షరాలూ సంవత్సరమూ కలిపి పూర్తి నంబరుండేది. లారీ డ్రైవరు తెచ్చిన కాగితం ఎప్పుడో రెండు వారాలకు చేతికొచ్చేది, దాని మీద చివరి అంకెలే కనిపించేవి. ఆమె రెండింటినీ ఎక్కించింది. నంబర్లు వేరుగా ఉన్నాయి కనుక కంప్యూటర్ నోరెత్తలేదు. ఆ రోజుల్లో టూ-బీలో రాని బిల్లులకు కూడా ఐదు శాతం దాకా క్రెడిట్ తీసుకోనిచ్చేవారు. కంపెనీ ఆలస్యంగా చూపిస్తుందిలే అనుకుని, తేడాను ఆమె ఆ ఐదు శాతంలోకి నెట్టేసింది. కంపెనీ చూపించడానికి అక్కడ ఇంకో బిల్లుంటే కదా.

మరి కంపెనీకి కట్టే డబ్బు దగ్గరైనా తేలాలి కదా అంటే, హాలియా పద్ధతి తెలియనివాళ్లే అలా అడుగుతారు. ఇక్కడ బిల్లుకు బిల్లు ఎవరూ కట్టరు. వడ్లు అమ్ముడుపోయి రైతులు బాకీ తీరిస్తే, దుకాణందారు కంపెనీకి ఐదు లక్షలో పది లక్షలో గుండుగుత్తగా పంపిస్తాడు. ఏ బిల్లు తీరింది, ఏది మిగిలింది అని ఇటు వాళ్లూ అడగరు, అటు వాళ్లూ అడగరు. ఆ పద్ధతిలో రెండుసార్లెక్కిన బిల్లు మూడేళ్లు హాయిగా బతికింది.

గోదాములో ఆరు వందల బస్తాలు తక్కువైతే ఎందుకు కనిపెట్టలేదూ? అక్కడే ఉంది అసలు చిక్కు. ఆ సంవత్సరమే బుచ్చయ్య మిర్యాలగూడ రోడ్డులో మూడంతస్తుల ఇల్లు కట్టాడు. గోదాములోంచి సిమెంటు ట్రాక్టర్లకెత్తడమే గానీ ఒక్క బిల్లు రాయలేదు. "నా దుకాణం, నా సిమెంటు, నాకు నేను బిల్లు రాసుకోవాల్నా" అన్నాడు. సొంత ఇంటికి వాడుకున్న సరుకు మీద క్రెడిట్ తీసుకోకూడదు సేటూ, తిరిగి కట్టాలి అని గ్లోరీ రెండుసార్లు చెప్పింది. రెండోసారికి ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఆమె నోరు మూసుకుంది. పుస్తకంలో మూడు వేల బస్తాలు ఉన్నట్టే ఉన్నాయి, గోదాములో లేవు. ఆ మూడు వేలూ సేటు ఇంటి గోడల్లోకి పోయాయనుకుంది. ఇప్పుడు తేలింది, ఇంటికి పోయినవి రెండు వేల నాలుగు వందలు. మిగతా ఆరు వందలు అసలు రానేలేదు.

పన్నెండు లోడ్లు ఆయనవి, మూడు లోడ్లు తనవి. గ్లోరీకి అన్నం సయించలేదు. ఆయన తప్పు తెలిసి చేసింది, తనది తెలియక చేసింది అని మనసుకు ఎంత చెప్పుకున్నా, తొమ్మిదేళ్ల పేరు ఆ మూడు బిల్లుల దగ్గర చిరిగిపోయినట్టే అనిపించి సిగ్గుతో కుంచించుకుపోయింది. ఆ సిగ్గుతోనే వెళ్లి, దాచకుండా, మొత్తం సేటుకు చెప్పింది. అదే ఆమె చేసిన రెండో పొరపాటు.

బుచ్చయ్య వెంటనే పన్నుల వ్యవహారాలు చూసే మల్లేష్‌ను పిలిపించాడు. మల్లేష్ తెలివైనవాడు. తెలివి ఎక్కడ ఆపాలో తెలియనంత తెలివైనవాడు.

"సూడు సేటూ, తెలవక జరిగిందంటే పన్ను, వడ్డీ కట్టి బయటపడ్తం. తెలిసి చేసిందంటే జుర్మానా గూడ పడ్తది, మిగిలిన సంవత్సరాలు గూడ తవ్వుతరు," అన్నాడు. "మూడు లోడ్లు డబులెక్కినయి అంటున్నది గద గ్లోరీ. పదిహేను లోడ్లు డబులెక్కినయి అందాం. గోదాములో తక్కువ బస్తాలకు లెక్క సరిపోతది. గుమస్తా పొరపాటు. ఒక కాయితం రాసిస్తె అయిపాయె."

"గట్ల కుదరదు సార్," అంది గ్లోరీ. "ఇంటికి పోయిన పన్నెండు లోడ్లు పుస్తకంల ఒక్కసారే ఉన్నయి, టూ-బీల ఒక్కసారే ఉన్నయి. రెండూ కలుస్తయి. డబులు ఏదని అడిగితే ఏం జూపియ్యాలె?"

"రెండ్రోజులుండి పోయేటోళ్లు గంత లోతుకు సూడరమ్మా. టోటల్ సూస్తరు, పోతరు."

బుచ్చయ్య కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "మీ అమ్మకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు దవాఖానల డబ్బులెవలు కట్టిన్రు బిడ్డా?" అన్నాడు మెల్లగా. "నేను అడిగిన్నా మల్ల? నీ మూడు లోడ్ల పన్ను నీ జీతంల కోస్త అన్ననా? అదీ నేనే కడ్త. సంతకం ఒక్కటి పెట్టు."

ఆ మూడూ తనవే. ఆపరేషన్ మాటా నిజమే. ఎటు చూసినా నిజాలే, ఆ నిజాలన్నీ కలిసి ఒక అబద్ధం వైపు తోస్తున్నాయి. మానేసి పోదామంటే, ఆడిట్ ముందు పారిపోయిన గుమస్తాను హాలియాలో కాదు కదా కల్వకుర్తిలో కూడా ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. "నేను, గ్లోరీ, పదిహేను సిమెంటు బిల్లులను పొరపాటున రెండుసార్లు నమోదు చేశాను" అని మల్లేష్ టైపు చేసి తెచ్చిన కాగితం కింద ఆమె సంతకం పెట్టింది. పెట్టాక చెయ్యి కడుక్కుని వచ్చింది. ఎందుకో ఆమెకే తెలియదు.

అధికారులు వచ్చారు. వాళ్లకు పైఅధికారి నిరోష మేడం అని, ముప్పై అయిదేళ్ల మనిషి, గొంతు పెంచదు, ఏదీ మరిచిపోదు. మొదటిరోజు అమ్మకాలు చూసింది, సరిపోయాయి. రెండోరోజు గోదాము తాళం తీయించి చూసి వచ్చి, "పుస్తకంల మూడేండ్ల సంది మూడు వేల బస్తాలు అట్లనే మిగులుతున్నయి. సిమెంటు మూడు నెలలకే గడ్డ కడ్తది. గడ్డలన్న కనవడాలె గద," అంది. మల్లేష్ గ్లోరీ సంతకం పెట్టిన కాగితం ముందుకు జరిపాడు. ఆమె చదివింది. పోర్టల్ తెరిచి టూ-బీ పట్టీ పక్కన పెట్టుకుంది.

"పదిహేను బిల్లులు అన్నవు గద గ్లోరీ. ఒక్కొక్కటి చూపెట్టు."

గ్లోరీ ఒకటి చూపింది. రెండోది చూపింది. మూడోది చూపింది. నాలుగోదానికి వేలు ఎక్కడ పెట్టాలో తెలియక తెర మీదే ఆగిపోయింది. సేటు గొంతు సవరించుకున్నాడు. మల్లేష్ కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"రిటర్నుకు, టూ-బీకి తేడా నలభై ఒక్క వేలే ఉన్నది," అంది నిరోష. "పదిహేను డబులైతే తేడా రెండు లక్షల పైన రావాలె. మిగతా పన్నెండు ఏవి?"

"లేవు మేడం," అంది గ్లోరీ. "మూడే నావి. మిగతా సిమెంటు దుకాణంలకు వచ్చింది, బిల్లు లేకుండ బయటికి పోయింది. ఆ పన్ను తిరిగి కట్టలేదు."

"ఏడికి పోయింది?"

ఆమె సేటు వైపు చూడలేదు. "మిర్యాలగూడ రోడ్డుల ఇంటికి."

నిరోష ఆ మాట రాసుకుంది. ఇంటికి పోయిన సరుకు మీద లక్షా అరవై నాలుగు వేల ఆరు వందల నలభై, డబులైనవాటి మీద నలభై ఒక్క వేల నూట అరవై, వేరువేరుగా వేసింది. వడ్డీ రెండింటికీ, జుర్మానా మొదటిదానికి రాసుకుంది. పోయే ముందు గ్లోరీకి తెల్లకాగితం ఇచ్చి, ఇప్పుడు చెప్పింది రాసిమ్మంది.

"మరి పాతది మేడం?" అని గ్లోరీ ముందు సంతకం పెట్టిన కాగితాన్ని చూపించింది.

"అది తియ్యనీకి రాదమ్మా. ఒకసారి ఇచ్చినంక ఫైల్లనే ఉంటది. రెండూ ఉంటయి."

జీపు వెళ్లిపోయింది. మల్లేష్ దాని వెనకే జారుకున్నాడు. ఇక సేటు తనను పొమ్మంటాడు అనుకుని గ్లోరీ చేతిసంచి సర్దుకుంది, టిఫిన్ డబ్బా వేసుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు కొంచెం తేలిగ్గానే ఉంది. రేపు కట్టంగూరు పోయి అమ్మ పక్కన పడుకుంటే చాలనిపించింది. అనాల్సినవన్నీ అనేస్తే విని, మెట్లు దిగి పోవచ్చు.

బుచ్చయ్య గల్లాకు తాళం వేశాడు. తర్వాత ఆమె మొహం చూడకుండానే అన్నాడు.

"రేపు ఎనిమిదింటికే రా. తర్వాతి రెండేండ్లవి గూడ అడుగుతరట. నువ్వు జేసిన లెక్కలు నువ్వు గాక ఇంకెవలు జెప్తరు? అవి ఒడిసేదాంక ఏడికీ పోయేది లేదు."

గ్లోరీ సంచి కింద పెట్టి కుర్చీలో కూర్చుంది. సంతకం పెట్టినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.