ఫాటక్ దగ్గర ఊడిరాని బూటు

ఉర్లా పారిశ్రామికవాడలోని ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఫిట్టర్‌గా పనిచేసిన రోజుల్లో, దేవేంద్ర నగర్ ఇంటి నుంచి పదకొండేళ్ళు గుడ్డ బూట్లతోనే సైకిలు తొక్కాను. ఆ బూట్లను ఎవరూ పట్టించుకోలేదు. మా అక్క మొగుడు బొంబాయి నుంచి కొత్త రకం బూట్లు తెప్పించుకున్నాకే నావి తక్కువైపోయాయి.

బావది రైల్వే ఉద్యోగం. ఆదివారం పొద్దున్నే బావ, అతని ఆఫీసు మిత్రుడు, నేను బిలాస్‌పూర్ రోడ్డున ధర్సీవా దాకా సైకిళ్ళ మీద వెళ్ళి వచ్చేవాళ్ళం. వారమంతా ఇనుము కోసే నాకు మిగిలింది ఆ ఒక్క పూటే.

ఆ కొత్త బూట్ల అడుగున రెండు బోల్టులతో బిగించిన చిన్న ఇనుప బిళ్ళ ఉంటుంది. పెడల్‌కు స్ప్రింగు ఉంటుంది. బిళ్ళ ముందు అంచును పెడల్‌లో పెట్టి కిందికి తొక్కితే టక్కున పడుతుంది. దిగాలంటే మడమ బయటికి తిప్పాలి.

"ఆ కాన్వాస్‌తో మాతో ఏటొస్తావురా బామ్మర్దీ," అన్నాడు బావ, మిత్రుడి ఎదురుగానే. "ఎదురుగాలి తగిలితే వెనకే ఉండిపోతావు. నీ కోసం మేం ఆగం, ముందే బోల్ రహా హూఁ."

ఏడేళ్ళు వెంట తొక్కినవాణ్ణి. ఆగం అన్న మాట అప్పుడే మనసులో రాసుకున్నాను.

తర్వాత తను ఇంకో జత కొనుక్కుని, వాడిన ఆ బిళ్ళ బూట్లు, పెడళ్ళు నాకే ఇచ్చాడు. దయ అనుకోవాలి కాబోలు. అలవాటు కావాలని వారమంతా ఉర్లాకు వాటితోనే వెళ్ళాను. ఎదురుగాలిలో కాలు జారకపోవడం నిజంగా బాగుంది. ఆ మాట బావతో అనలేదు. కానీ ప్రతి కూడలిలో ఆగినప్పుడల్లా మడమ తిప్పడం, మళ్ళీ బిళ్ళను వెతుక్కుని తొక్కడం. షెడ్డులో ఇనుప రేకుల మీద నడిస్తే జారడం. "క్యోం భయ్యా, ఘోడే కీ నాల్ ఠుకవా లీ క్యా?" అన్నాడు ఫోర్‌మన్. గుర్రం నాడా కొట్టించుకున్నానట.

శనివారానికి ఎడమ మోకాలు నొప్పి పెట్టింది. బిళ్ళ వంకరగా ఉందని భోజనం వేళ రెండు బోల్టులూ వదులు చేసి సరిచేశాను. ఒకటి గట్టిగా బిగించాను. రెండోది వేలితో తిప్పుతుండగా సైరన్ మోగింది.

ఆదివారం మోవా రైల్వే ఫాటక్ దగ్గరికి వచ్చేసరికి గేటు పడుతోంది. అందరూ సైకిళ్ళు వంచి గేటు కింద నుంచి దూరిపోతారు. మేం మాత్రం దూరేవాళ్ళం కాదు. రైలు లైన్ల మీద పనిచేసినవాళ్ళ పిల్లలం, మూసిన గేటు కింద తల పెట్టకూడదని పెంచారు. బావ టక్కున కాలు తీసి నిలబడ్డాడు. అతని మిత్రుడూ అంతే. నేను ఎడమ మడమ తిప్పాను. బూటు తిరిగింది గానీ బిళ్ళ తిరగలేదు. రెండో బోల్టు దారిలో ఎక్కడో రాలిపోయింది. మిగిలిన ఒక్క బోల్టు చుట్టూ బూటు గిర్రున తిరుగుతోంది. సైకిలుతో సహా ఎడమవైపుకు మెల్లగా ఒరిగిపోయి, ఒక స్కూటర్ చక్రం పక్కన పడ్డాను.

గూడ్సు బండి పోతూనే ఉంది. చూడ్డానికి జనానికి బోలెడంత తీరిక.

"చూశారా," అన్నాడు బావ. "ఒక్క బోల్టు బిగించలేని ఫిట్టరు. ఉర్లా షెడ్లు ఎలా నిలబడ్డాయిరా నాయనా."

"హవా పే ఖడే హైఁ," అన్నాడు మిత్రుడు, గాలి మీదే నిలబడ్డాయని. ఇద్దరూ నవ్వారు.

లేసులు విప్పి కాలు బయటికి లాక్కున్నాను. బూటు పెడల్ మీదే ఉండిపోయింది. గేటు లేచింది.

"వస్తావా?" అన్నాడు బావ.

"మీరు పదండి."

పోయారు. చెప్పినట్టే ఆగలేదు. ఒక కాలికి మేజోడుతో సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను. స్ప్రింగు స్క్రూ వదులు చేసి, స్క్రూడ్రైవరుతో లేపితే గానీ బూటు రాలేదు. పాత పెడళ్ళు బిగించాను, ఈసారి పానాతో. బూట్లు కడిగి అక్కకు ఇచ్చేశాను.

బోల్టు తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఆ నవ్వు నాది కాదు.

తర్వాతి ఆదివారం గుడ్డ బూట్లతోనే బయల్దేరాను. వాళ్ళు పిలవలేదు, వద్దనలేదు. ఊరు దాటగానే ఇద్దరూ కనుమరుగయ్యారు. ధర్సీవా చేరేసరికి వాళ్ళు టీ తాగేసి లేస్తున్నారు. నేను కూర్చోకుండానే వెనక్కి తిరిగాను. అలా చాలా ఆదివారాలు గడిచాయి, నేను వెనక, వాళ్ళు ముందు, మాటల్లేవు. కాళ్ళు అలసిపోయేవి. మానెయ్యాలన్న ఆలోచన మాత్రం రాలేదు. మానేస్తే బావ మాట నెగ్గుతుంది.

ఒక ఆదివారం తిరుగు దారిలో మోవా ఫాటక్ మూసి ఉంది. జనం దూరిపోతున్నారు. వాళ్ళిద్దరూ గేటు ముందు నిలబడి ఉన్నారు. వెళ్ళి పక్కన ఆగి కాలు కింద పెట్టాను. బావ తన సైకిలు కాస్త జరిపి చోటిచ్చాడు.

"లేటయ్యావు," అన్నాడు.

"గేటు పడే ఉంది కదా," అన్నాను.