సిరిగేరి మిల్లులో బట్టల సోడా

పంకజాక్షి మీద నింద పొద్దున సిరిగేరిలో పుట్టి మధ్యాహ్నానికల్లా మోక చేరింది. మోక బస్టాండు పక్కన ఆమెకు కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగ్ షాపు ఉంది. ముందురోజు కాలవ మీది పంపు మోటారు ఇచ్చి పోయిన రైతు తిరిగొచ్చి, దాన్ని అట్లే ఇచ్చెయ్యమన్నాడు. ఆమె ఇంకా బోల్టు కూడా విప్పలేదు.

"ఏందప్పా, ఏమైంది?"

"ఏం లేదక్కా. గోపీకృష్ణ మిల్లుకు నువ్వు చుట్టిన మోటారు లేస్తా లేదంట. గోపీకృష్ణే ఫోన్ చేసి చెప్తాండాడు అందరికీ. నాకెందుకు ఈ గోల? బళ్లారిలో చూపించుకుంటా."

సాయంత్రానికి ఇంకొకరొచ్చి ఇంకో మోటారు తీసుకుపోయారు. పంకజాక్షి ఎవరినీ ఆపలేదు. షాపు మూసేటప్పుడు మాత్రం తలెత్తి బోర్డు వైపు ఒకసారి చూసింది. దాని మీద ఆమె పేరే ఉంది, ఇంకెవరి పేరూ లేదు.

ఆమెకు నలభై ఆరేళ్లు. బళ్లారి సత్యనారాయణపేటలో తండ్రి పాండురంగయ్య ఇంటి వసారాలో ఫ్యాన్లు చుట్టేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఫ్యాన్ల వరకే. పెద్ద మోటార్లు ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాత ఇనుము అంగట్లో కాలిపోయిన మోటార్లు కొనుక్కొచ్చి, ఒక్కొక్క చుట్టూ విప్పి, లెక్కపెట్టి, గీతల నోటుబుక్కుల్లో బొమ్మలు వేసుకుని నేర్చుకుంది. చుట్టేటప్పుడు ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుందని ఆమెకు భయం. అందుకని మొదటి నూరు తెలుగులో, రెండో నూరు కన్నడంలో, మూడో నూరు మళ్లీ తెలుగులో లెక్కపెట్టేది. ఎక్కడ ఆగినా, నోట్లో ఉన్న భాషే నూరు మారిందో లేదో గుర్తుచేసేది. ఆమె తల వెంట్రుకల్లో వార్నిష్ వాసన పండగ పూట కూడా పోదు.

గోపీకృష్ణ మిల్లు మోటారు డెబ్బై ఐదు హార్స్‌పవర్ స్లిప్ రింగ్ మోటారు. దాని లోపల తిరిగే రోటర్ కాలిపోతే తొమ్మిది రోజులు పట్టి చుట్టి ఇచ్చింది. ఆ పనిలో తప్పు లేదని ఆమె చేతులకు తెలుసు. చేతుల సాక్ష్యం మిల్లులో చెల్లదని కూడా తెలుసు. మరుసటి రోజు పొద్దున్నే మీటర్ల సంచీ తీసుకుని సిరిగేరి బస్సెక్కింది.

మిల్లులో మిషన్లన్నీ ఒకే పొడవాటి షాఫ్టు మీద నడుస్తాయి. వడ్లు పైకి తోడే ఎలివేటర్లు, పొట్టు తీసే హల్లర్లు, అన్నింటికీ ఆ ఒక్క మోటారే ఆధారం. మొన్న కరెంటు పోయినప్పుడు ఎలివేటర్ల బకెట్లు నిండా వడ్లతో ఉన్నవి ఉన్నట్టు ఆగిపోయాయి. అప్పటి నుంచి మోటారు లేవలేదు. ఉడికించిన వడ్లు తొట్లలో పులిసిపోతున్న వాసన గేటు దగ్గరికే వచ్చింది.

గోపీకృష్ణ తాతల నాడు కాలవ భూముల కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల మనిషి. కుర్చీలోంచి లేవలేదు. "రండి మేడమ్. మీ చేతి పని వాసన చూడండి," అన్నాడు తొట్ల వైపు చూపించి.

పక్కన అతని మేనల్లుడు చేతన్ నిలబడి ఉన్నాడు. డిప్లొమా చదివి, ఆరు నెలల నుంచి మిల్లు కరెంటు పనులు చూస్తున్నాడు. "అక్కా, రోటర్‌లో చుట్లు తక్కువేసినట్టుండావు. ఖాళీగా ఉంటే ఎట్లో తిరుగుతాది. లోడు పడితే గుర్రుమని నిలబడతాది. మా మామ మంచోడు కాబట్టి ఫోన్లతో వదిలిపెట్టినాడు."

"ఒకసారి వేసి చూపించప్పా," అంది ఆమె.

స్టార్టర్ హ్యాండిల్ బసవరాజ్ చేతిలో ఉంటుంది. ముప్పై ఏళ్లుగా మిల్లుకు అతనే ఆపరేటర్. స్విచ్ వేయగానే మోటారు పెద్దగా మూలిగింది. కరెంటు కొలిచే అమ్మీటర్ ముల్లు చివరికి పోయి తగిలింది. బసవరాజ్ హ్యాండిల్‌ను నాలుగు మెట్లూ ఒకే ఊపులో తోసేశాడు. షాఫ్టు కదల్లేదు. ట్రిప్ కొట్టి కరెంటు ఆగింది.

పంకజాక్షి మోటారును చూడలేదు, బసవరాజ్ చేతినే చూసింది. "బసవరాజన్నా, ముందు నువ్వు ఒక్కో మెట్టు దగ్గర నిలబడి, సద్దు విని ముందుకు తోస్తాంటివి కదా. ఇప్పుడేంది ఒకేసారి?"

బసవరాజ్ చేతన్ వైపు చూశాడు. "ఇప్పుడు మెట్టుకూ మెట్టుకూ తేడా తెలియదమ్మా," అన్నాడు మెల్లగా.

"నువ్వు హ్యాండిల్ చూసుకో, సుమ్నే ఉండు, మాట్లాడొద్దు," అన్నాడు చేతన్.

ఆమె ముందు తన పని తేల్చుకోవాలనుకుంది. రోటర్ తీగల కొసలు చేరే మూడు రింగుల నుంచి స్టార్టర్‌కు పోయే తీగలు విప్పించింది. రింగుల దారి తెగి ఉంటే బయట కదలకుండా ఉండే స్టేటర్‌కు కరెంటిచ్చినా మోటారు తిరగదు, కానీ రోటర్‌లో పుట్టే వోల్టేజీని రింగుల దగ్గర కొలవొచ్చు. నేమ్‌ప్లేటు మీద రెండు వందల పది వోల్టులు అని ఉంది. మీటరు పట్టింది. రెండు వందల ఏడు. ఇంకో జత రెండు వందల ఎనిమిది. మూడోది మళ్లీ ఏడు.

"చుట్లు తక్కువుంటే ఇది తగ్గాల. ఒక జత చెడిపోయుంటే అది వేరేగా రావాల. చూసుకోండి."

గోపీకృష్ణ మీటరు వైపు చూసి, "మీ మీటరు మీ మాటే వింటది," అన్నాడు.

ఆమె కరెంటు ఆపించి, గోడవారన ఉన్న గ్రిడ్ల పెట్టె మూత తీసింది. మోటారు లేచేటప్పుడు రోటర్‌కు రెసిస్టెన్స్ ఇచ్చే పోత ఇనుప పలకలు అందులో వరుసగా ఉంటాయి. మూడు వరుసల్లోనూ పలకలు పగిలి ఉన్నాయి. పగిలిన వాటిని దాటించి లావుపాటి రాగి తీగలు బిగించి ఉన్నాయి. నాలుగు మెట్లలో మూడింటికి అసలు రెసిస్టెన్సే లేదు.

"ఇదెవరు చేసింది?"

"నేనే," అన్నాడు చేతన్. "రెండు నెలలైంది. ఏం తప్పు? రెసిస్టెన్స్ అంటే కరెంటుకు అడ్డు. అడ్డు తీసేస్తే మోటారుకు బలం పెరగాల గదా. నాకు పాఠం చెప్తాండావా?"

"రోటర్ కాలింది ఎప్పుడు?"

గోపీకృష్ణ లెక్క వేసుకున్నట్టు మేనల్లుడి వైపు తిరిగాడు. పలకలు పగిలిన నెలకే రోటర్ కాలింది.

"నిలబడిన మోటారుకు అడ్డు లేకపోతే రోటర్‌లో కరెంటు విపరీతంగా పారుతాది అప్పా. కానీ లాగాల్సిన సమయానికి పారదు, వెనకబడి పారుతాది. వేడి తప్ప బలం రాదు. అడ్డు పెడితే కరెంటు తగ్గుతాది, కానీ సమయానికి వస్తాది. అందుకే బరువు లేపుతాది. పరుగందుకున్నాక ఆ అడ్డు తీసెయ్యాల. ఆ తీసేసేదే ఈయన హ్యాండిల్ పని."

"కథలు బాగున్నాయి," అన్నాడు గోపీకృష్ణ. "కొత్త గ్రిడ్లు రావడానికి వారం. అంతవరకు వడ్లు ఏం చేసుకోను?"

"ఒక ప్లాస్టిక్ డ్రమ్ము తెప్పించన్నా. మూడు ఇనుప రేకులు, ఒక వెదురు బొంగు, మోకు. అంగట్లో బట్టల సోడా."

చేతన్ నవ్వాడు. "హమాలీలకు బట్టలు ఉతికిస్తావా?"

చుట్టూ చేరిన హమాలీలు కూడా నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా పంకజాక్షి ఆగింది.

"గోపీకృష్ణన్నా, మోటారు లేస్తే నువ్వు ఫోన్ చేసిన ప్రతి మనిషికీ మళ్లీ ఫోన్ చెయ్యాల. ఈడనే, నా ముందర."

"లేవకపోతే?"

"మోకలో నా బోర్డు దించేస్తా."

"అందరూ విన్నారు గదా," అన్నాడు చేతన్.

డ్రమ్ములో నీళ్లు పోసి సోడా కలిపింది. మూడు రేకులు ఒకదానికొకటి తగలకుండా వెదురుకు కట్టి, పగిలిన గ్రిడ్ల తీగలు విప్పేసి, మూడు రింగుల తీగలు స్టార్టర్‌కు తిరిగి కలిపి, అక్కడి నుంచి రేకులకు తీగలు బిగించింది. రేకులు నీళ్లలోకి ఎంత దిగితే అడ్డు అంత తగ్గుతుంది. మోకు దూలం మీదుగా వేసి కొస తన చేతిలో ఉంచుకుంది. డ్రమ్ము చుట్టూ బస్తాలు పేర్పించి, "ఎవరూ ఆ నీళ్లు ముట్టొద్దు, కరెంటు నీళ్లు," అని రెండుసార్లు చెప్పింది.

బసవరాజ్ స్విచ్ వేశాడు. మోటారు సన్నగా మూలిగింది. ఆమె రేకులు అడుగుదాకా దించింది. షాఫ్టు జానెడు తిరిగి ఆగిపోయింది.

"బోర్డు నేను దించిస్తాలే అక్కా, నిచ్చెన నాదే," అన్నాడు చేతన్.

ఆమె చెయ్యెత్తి కరెంటు ఆపించింది. అమ్మీటర్ ముల్లు ఈసారి సగం దాకా కూడా పోలేదు. అంటే అడ్డు మరీ ఎక్కువైంది. మరీ ఎక్కువైనా మోటారు లేవదు. ఆమె ఇంకో మూడు పొట్లాల సోడా పోసి, వెదురు ముక్కతో నెమ్మదిగా కలిపింది. గోపీకృష్ణ గడియారం చూసుకున్నాడు.

రెండోసారి స్విచ్ పడింది. ముల్లు లేచి, చివరికి పోకుండా ముందే నిలిచింది. మోటారు గొంతు మారింది. నిండు బకెట్లు పైకి కదిలాయి, బెల్టు ఒకసారి కీచుమంది. ఆమె జానెడు జానెడుగా మోకు వదిలింది. రేకుల దగ్గర చిన్న బుడగలు లేచాయి. షాఫ్టు వేగం అందుకునే కొద్దీ ముల్లు కిందికి దిగింది. రేకులు అడుగుకు చేరగానే, "ఇప్పుడు అన్నా," అంది. బసవరాజ్ హ్యాండిల్ చివరి మెట్టుకు తోసి రింగులను ఒకటి చేసి అడ్డు పూర్తిగా తీసేశాడు. ఎలివేటర్ల నుంచి వడ్లు జలజల రాలాయి.

హమాలీలు పనికి పోయారు.

"ఫోన్," అంది పంకజాక్షి.

గోపీకృష్ణ మొహం గంటుపెట్టుకునే ఫోన్ తీశాడు. "ఆ… మోటారు సంగతి. వైండింగ్‌లో తప్పు లేదంట." 

"'అంట' కాదన్నా. లేదు అని చెప్పు."

అతను ఆమె వైపు ఎర్రగా చూశాడు. "లేదు," అన్నాడు ఫోన్‌లో. అట్లా ఐదుగురికి చెప్పి, ఐదో ఫోన్ పెట్టేశాక, "ఇక బయల్దేరండి," అన్నాడు. టీ తాగుతారా అని కూడా అడగలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు.

చేతన్ గ్రిడ్ల పెట్టె మూత పెడుతూ, "పలకలు మార్చాలని నేను ముందే అంటి. ఎవరూ వినలా," అన్నాడు గోడతో.

ఆమె బసవరాజ్‌కు మాత్రం మోకు ఎంతెంత వదలాలో రెండుసార్లు చూపించింది. గ్రిడ్లు వచ్చాక డ్రమ్ము తీసెయ్యమంది. "మళ్లీ ఆపేటప్పుడు మిల్లు ఖాళీ చేసి ఆపన్నా. తర్వాత వెయ్యేముందు హ్యాండిల్ మొదటి మెట్టుకు, రేకులు పైకి." అతను తలూపాడు. ఆమె వెళ్తుంటే గేటు దాకా వచ్చాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం కాలవ రైతు అదే మోటారు, అదే తాడుతో కట్టి తెచ్చి గడప దగ్గర దించాడు.

"బళ్లారిలో వారం పట్టుతాదన్నారు," అన్నాడు పక్కకు చూస్తూ.

"అట్లనా," అంది పంకజాక్షి. "ఈడ నాలుగు రోజులు. లోపల పెట్టుపో."

రైతు వెళ్లిపోయాక ఆమె బోల్టులు విప్పి, కాలిన తీగ కొస పట్టుకుని, మొదటి నూరు తెలుగులో లెక్కపెట్టడం మొదలుపెట్టింది.