అత్త చెప్పినట్టే

నర్మదకు రాయడమే పని. ఇబ్రహీంపట్నం మహిళా సంఘాల సమావేశాలకు పదిహేనేళ్ళుగా తీర్మానాలు రాస్తున్నది ఆమే. ఇరవై మంది ఒక్కసారే అరుస్తున్నా, అందులో తేలిన మాటేదో తేలనిదేదో విడదీసి పుస్తకంలోకి ఎక్కిస్తుంది. భర్త పరశురాం పచ్చకామెర్లతో పోయి మూడేళ్ళయింది. సంఘంలో ఆమె కుర్చీ ఆమెకే ఉంది. మారింది పెళ్ళిళ్ళలోనే. బొట్టు పెట్టే పళ్ళెం ఆమె దాకా వచ్చి, ఎవరో పిలిచినట్టు పక్కకు తిరుగుతుంది. ఎవరూ ఏమీ అనరు. ఇలా అనకుండా చేసే పనికి మన దగ్గర మర్యాద అని పేరు.

తమ్ముడు ఎల్లేశ్ మన్నెగూడలో ఇల్లు కట్టాడు. గృహప్రవేశం దగ్గరికొచ్చింది. ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అందులో నర్మద లేదు. ఆదివారం పొద్దున ఎల్లేశ్ ఫోన్ చేశాడు.

"అక్కా, నిన్ను గ్రూపుల ఏసుడు మర్సిపోయిన, ఏమనుకోకు. గ్రూపుల మాట్లాడింది మొత్తం స్క్రీన్‌షాట్ కొట్టి పంపుతున్న. ఎవలేమన్నరో నాకే తెలుస్తలేదు. నీకు రాసుడు అలవాటే గద, ఏం తేలింది, ఏం తేలలేదు, జర రాసియ్యి. టెంటోనికి, వంటోనికి చెప్పాలె."

"పంపు. మీరు కొట్లాడుకుంటె రాసేటందుకన్న అక్క యాదికొచ్చింది," అంది నర్మద నవ్వుతూ.

వచ్చింది జానెడు వెడల్పు, బారెడు పొడుగున్న బొమ్మ. నర్మద ఇలాంటి పనులకు ఫోన్‌లోని ఏఐని వాడటం ఈ మధ్యే నేర్చుకుంది. బొమ్మ మొత్తం ఒకేసారి ఇస్తే అక్షరాలు చీమల్లా చిన్నవైపోయి, అది సగం మాటలు ఊహించి రాసింది. అందుకని బొమ్మను ముక్కలుగా కత్తిరించింది. ఒక ముక్క చివరి మాటలు తర్వాతి ముక్క మొదట్లోనూ ఉండేట్టు చూసుకుని, వరుసగా ఇచ్చింది.

ఈసారి జవాబు సాఫుగా వచ్చింది. తేలినవి: టెంటు ఇంటి ముందే వేయాలి, ఆ రోజు శాకాహారం, మాంసం మర్నాడు. తేలనివి: మీర్‌పేట్ నుంచి వచ్చేవాళ్ళకు బండి ఎవరు మాట్లాడాలి? ఆ కింద ఇంకో మాట ఉంది. "నర్మదకు ఒడిబియ్యం పోయాలా వద్దా అన్న విషయంలో, అత్త చెప్పినట్టే చేయాలని మీరు, సుగుణ ఒప్పుకున్నారు. అత్త ఏం చెప్పారో ఆడియోలో ఉంది. బొమ్మలో అది వినబడదు కాబట్టి దీన్ని తేలనివాటిలో ఉంచాను."

నర్మద ఆ "మీరు" దగ్గర ఆగిపోయింది. ఆమె ఎప్పుడు ఒప్పుకుంది?

స్క్రీన్‌షాట్ తెరిచి చూసింది. కుడి పక్కన ఉన్న మాటలకు పేరు ఉండదు. ఎవరి ఫోన్‌లో తీస్తే వాళ్ళవి అవి. తీసింది ఎల్లేశ్, ఏఐకి ఇచ్చింది నర్మద. తమ్ముడి మాటలు అది ఆమె నోట్లో పెట్టింది. "కుడి వైపువి మా తమ్ముడివి" అని చెబితే దిద్దుకుంది.

తర్వాత ఆమె అసలు మాటలు చదివింది. ఒడిబియ్యమంటే పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ కొంగులో పసుపు కలిపిన బియ్యం పోసి దీవించడం. మొగుడున్న ఆడబిడ్డలకే అని లోకం తీర్పు. మరదలు అనసూయ రాసింది: "సుగుణకైతె పోస్తం. మరి నర్మదొదినకు పోసుడా?" చెల్లెలు సుగుణ రాసింది: "నాకు తెల్వదు వదినా, పెద్దోళ్ళు చెప్పాలె." దాని కింద మేనత్త వజ్రమ్మ ఆడియో. దాని కింద ఎల్లేశ్: "అత్త చెప్పినట్టే చేద్దాం." సుగుణ: "అవ్, అత్త మాటే." అనసూయ దండం బొమ్మ పెట్టింది.

ఆడియో పక్కన మైకు గుర్తు ఆకుపచ్చగానే ఉంది. వింటే అది నీలమవుతుంది. ఎల్లేశ్ అత్త మాట వినకుండానే అత్త మాటకు ఒప్పుకున్నాడు. అరవై దాటిన ముండమోసిన ముసలామె ఏం చెబుతుందో విని తెలుసుకోవాలా అనుకుని ఉంటాడు.

అత్త వద్దనే ఉంటుందని నర్మద కూడా అనుకుంది. అయినా మధ్యాహ్నం అత్త ఇంటికి నడిచింది. వజ్రమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అత్తా, గ్రూపుల ఏమన్నవే నా గురించి?"

"ఏమంటనే? పోయుండ్రి అన్న." వజ్రమ్మ చేతులు చీరకు తుడుచుకుని ఫోన్ ఇచ్చింది. "నాకు రాసుడు రాదాయె, మాట్లాడి పంపిన. ఇనుకో."

ఫోన్‌లోంచి అత్త గొంతు వచ్చింది. మధ్యలో దగ్గు, కోడి అరుపు. "అరే ఎల్లేశ్, మొగడు సచ్చిపోతె ఆడివిల్ల ఆడివిల్ల గాకుండ పోతదారా? మీ బాపు నాకు పోయలే. నేను కడుపుల వెట్టుకున్న, ఎవ్వలకు చెప్పలే. నర్మదకు పోయుండ్రి. ముందుగాల దానికే పోయుండ్రి."

"ఏడుస్తున్నవేందే పిచ్చిదానా?" అంది వజ్రమ్మ. "చెప్పినట్టే చేస్తమన్నడట గద వాడు. పక్కింటామె సదివి చెప్పింది. నాకు పాణం నిమ్మలమైంది."

ఇంటికొచ్చి నర్మద రాసింది. పదిహేనేళ్ళ అలవాటు ప్రకారం చూస్తే సందేహమే లేదు. అత్త చెప్పినట్టే అని అందరూ ఒప్పుకున్నారు, అత్త చెప్పింది ఇది. తేలినవాటిలో చివరన పెట్టింది: "నర్మదకు, సుగుణకు ఒడిబియ్యం." రాస్తుంటే కొంగులో బియ్యం బరువు తెలిసినట్టే అనిపించింది. ఎల్లేశ్‌కు పంపింది.

అతను ఫోన్ చేసేసరికి పొద్దు గుంకింది.

"అక్కా, అత్త గట్లన్నదా?"

"ఇనలేదా నువ్వు?"

"టైమేడుంది? వద్దంటదనుకున్నం అందరం. నాకేం లేదక్కా, నీ మీదొట్టు. అనసూయ వాళ్ళమ్మగారోళ్ళు వస్తరు, కొత్తిల్లు, ఏదన్న ఒకటి అంటరు. మళ్ళ అందర్ని అడగాలె."

"అడుగు."

మర్నాడు ఇంకో స్క్రీన్‌షాట్ వచ్చింది. ఇది చిన్నదే, ముక్కలు చేసే పని లేదు. ఎల్లేశ్ రాశాడు: "ఒకలకు పోసి ఒకలకు పోయకుంటె బాగుండదు. ఈసారి ఒడిబియ్యమే వద్దు. అక్కకు, చెల్లెకు చీరలు పెడదాం." దాని కింద అనసూయ దండం. సుగుణ ఏమీ అనలేదు. అత్త ఆడియో లేదు. రాసినదాన్ని ఎవరైనా చదివి చెబితే తప్ప ఆమెకు తెలియదు. ఒక ఆడబిడ్డకు ఇవ్వడానికి భయపడి, న్యాయం పేరు చెప్పి ఇద్దరికీ ఎగ్గొట్టారు. ఇంత సమానత్వం ఆ ఇంట్లో మరే విషయంలోనూ ఉన్నట్టు ఎవరూ చెప్పలేరు.

సుగుణ విడిగా నర్మదకు పంపింది: "నా అత్తగారింట్ల అందరికి చెప్పుకున్న ఒడిబియ్యమని. ఇప్పుడేం మొకం పెట్టుకోవాలె? నువ్వు ఊకుంటె అయిపోతుండె గదక్కా."

"నేను అడగలే" అని నర్మద టైపు చేసింది. చెరిపేసింది. పాత రాత తెరిచి చివరి వరుస తీసేసి, "ఒడిబియ్యం లేదు. ఇద్దరికీ చీరలు" అని పెట్టింది. బండి సంగతి ఇంకా తేలనివాటిలోనే ఉంది. ఎల్లేశ్‌కు పంపి వంటింట్లోకి వెళ్ళింది.

అప్పుడే వజ్రమ్మ ఫోన్.

"బిడ్డా, గా దినం ఏ చీర కట్టుకుంటవే?"

నర్మద పొయ్యి మీది పాలు చూస్తూ నిలబడింది. "ఇంక సూడలే అత్తా."

"పసుపు రంగుది కట్టుకో. బియ్యం పసుపు అంటుకున్నా కనవడదు. నేను ముందే వచ్చి కూసుంట, నా కండ్ల ముంగటనే పోయాలె."

"మంచిది అత్తా."

"ఇంక గదేంది, గొంతు గట్ల ఉంది?"

"పాలు పొంగుతున్నయ్," అంది నర్మద. పొయ్యి ఇంకా వెలిగించనేలేదు.