కీలో పుట్టిన ఈథర్

మా నాయన మీద, నా చేతికంటిన సుద్దపొడి మీద ప్రమాణం. ఇందులో ప్రతి అక్షరం నిజం.

కదిరిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. మా కాలేజీలో వారం పరీక్షలో మార్కులు తగ్గితే కింది సెక్షన్‌కు దించుతారు, హాస్టల్ సీటు కూడా తీసేస్తారు. ఆ వారం ఆల్కహాల్‌లు, ఫినాల్‌లు, హాలోఆల్కేన్‌ల పేపరు. ఫినాల్‌కు బ్రోమిన్ నీళ్లు కలిపితే తెల్లటి అవక్షేపం, పేర్లు పెట్టడం, అన్నీ సరిగానే ఉన్నాయి. పదమూడో ప్రశ్న ఒక్కటే పాడు.

ముదిగుబ్బ దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి పేపరు పట్టుకుని నా ముందు నిలబడింది.

"సార్, రెండు మార్కులు కొట్టేసినారు. నేను సెక్షన్ దిగుతాండా. నేను రాసింది తప్పా?"

చూశాను. 2-బ్రోమో-2-మిథైల్‌ప్రొపేన్‌కు సోడియం ఇథాక్సైడ్ కలిపితే ఏం వస్తుందని ప్రశ్న. 2-మిథైల్‌ప్రొపీన్ అని రాసింది. బ్రోమిన్ ఉన్న కార్బన్ చుట్టూ మూడు మిథైల్‌లు అడ్డుంటే ఇథాక్సైడ్ లోపలికి దూరలేదు. పక్క కార్బన్ మీది హైడ్రోజన్‌ను లాగేస్తుంది, బ్రోమిన్ వెళ్లిపోతుంది, ద్విబంధం పడుతుంది. అమ్మాయిదే కరెక్టు. మా జవాబుల కీలో మాత్రం ఈథర్ అని ఉంది.

పాత ప్రశ్నలో టెర్షరీ బ్యుటాక్సైడ్, బ్రోమోఈథేన్ ఉండేవి. వాటితో ఈథరే వస్తుంది. పిల్లలు పాత పేపర్లు బట్టీ కొడుతున్నారని మా పెద్ద లెక్చరర్ బ్రోమిన్‌ను అటుది ఇటు మార్చి, జవాబు మార్చడం మరిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రిన్సిపాల్ గదికి పోయి అరిచిన అరుపుకు ఉరవకొండ గొర్రెలు కూడా తలెత్తి ఉంటాయి.

"కూర్చోప్పా," అన్నాడు ప్రిన్సిపాల్. "కీ అచ్చేసినాము. ఈథర్ రాసినోళ్లు సగం మంది ఉండారు. వాళ్లకు తీసేస్తే తల్లిదండ్రులు ఈడికొచ్చి కూర్చుంటారు."

"వాళ్లకు తీయొద్దు సార్. ఈ పాపకు కలపండి. రసాయనం మీ అచ్చుకు భయపడదు."

"కీ మారిస్తే కాలేజీ పరువు యాడికి పోతాది?"

"పిల్ల హాస్టల్ నుంచి పెట్టె మోసుకుంటా పోతే, అదేం పరువు సార్?"

ఆయన పేపరు లాక్కుని రెండు మార్కులు వేశాడు. అమ్మాయి సెక్షన్ దిగలేదు.

ఇక ఒప్పుకోవాలి. ఒక్క ముక్క కల్పించాను. బ్రోమిన్‌ను అటుది ఇటు మార్చింది పెద్ద లెక్చరర్ కాదు, నేనే. ఆయన చేసిందల్లా చదవకుండా సంతకం పెట్టడం. ప్రిన్సిపాల్ మీద అరుస్తున్నంతసేపూ నా చెవులు కాలుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. రేపు తరగతిలో, అందరి ముందూ, బోర్డు మీద రాసి చెప్తాను.