నేను తీసేయించిన ప్రశ్న

ఆ రోజు తల్లిదండ్రుల సమావేశంలో మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాను. చెప్పవలసిన ఒక్క మాట మాత్రం చెప్పలేదు. మా కాలేజీ పిల్లలు చేసిన సర్వేలోంచి ఒక ప్రశ్నను నేనే తీసేయించాను. అది లేనందువల్లే తప్పంతా ఫోనుదే అన్నట్టు కనబడింది. ఇది దాచి, "లెక్కల్లో రుజువైంది" అన్నాను. ఆ మాట వల్ల ఒక అమ్మాయి చదువు ఆగిపోబోయింది. ఆమెను తలుచుకుంటే ఇవాళ నాకు గర్వంగా ఉంటుంది. ఆ గర్వం చెప్పుకోవాలంటే ముందు నా తప్పు చెప్పాలి.

నేను జహీరాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో గణితం చెబుతాను. ఆ అమ్మాయిది న్యాల్‌కల్ వైపు ఒక ఊరు. తండ్రి అల్లం, కంది పండిస్తాడు. రోజూ బస్సులో వచ్చేది. తరగతిలో చెయ్యెత్తి "సార్, అట్లెందుకు?" అని అడగడం ఆమె అలవాటు. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి. క్లాసులు పోయాయి, ఫోన్లు ఉండిపోయాయి. జిల్లా సైన్స్ ప్రదర్శనకు ఏదైనా చేయమంటే ఆమె ఇద్దరు స్నేహితురాళ్లతో నా దగ్గరికి వచ్చింది.

"సార్, మా క్లాసుల కొందరు డబ్బాల అన్నం అట్లనే వాపస్ తీస్కపోతున్నరు. సన్నగ కావాల్నంట. ఫొటో దిగితే ఫిల్టర్ లేకుండ పెడ్తలేరు. దీని మీద సర్వే చేస్తం."

"రాకెట్టు చేయరాదు? బహుమతి వస్తది."

"రాకెట్టు అందరు చేస్తరు సార్."

ప్రశ్నలు వాళ్లే రాశారు. రోజుకు ఎంతసేపు రీల్స్, ఫొటోలు చూస్తావు? చూశాక నీ ఒంటి గురించి నీకేమనిపిస్తుంది? ఈ మధ్య మనసు ఎట్లా ఉంది? పేరు రాయనక్కర లేదు. చివర్లో ఇంకో ప్రశ్న ఉంది: ఇంట్లో గాని, కాలేజీలో గాని, నీ రంగు మీద, లావు మీద, సన్నం మీద ఎవరైనా మాటలంటారా? పేర్లు పెడతారా?

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగాను. ఎందుకంటే కాలేజీలో పేర్లు పెట్టేది నేనే. మా దగ్గర చెరుకు ఎక్కువ, అల్లం ఎక్కువ. బక్కపలచటి పిల్లవాణ్ణి "చెరుకుగడ" అనేవాణ్ణి. కాస్త బొద్దుగా ఉన్న అమ్మాయిని "అల్లంగడ్డ" అనేవాణ్ణి. ఈ అమ్మాయి నల్లగా ఉంటుంది, "బెల్లం" అని పిలిచేవాణ్ణి. తరగతంతా నవ్వేది. ఆమె కూడా నవ్వేది. ప్రేమగానే అంటున్నానని నా నమ్మకం.

"ఇది తీసేయండి. తల్లిదండ్రులు లొల్లి చేస్తరు. మన టాపిక్ ఫోను గద" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. "సరే సార్" అంది. పిల్లలు సార్ మాట కాదనలేరు. ఆ సంగతి తెలిసే అన్నాను.

జవాబులు వచ్చాయి. ఎక్కువసేపు చూసేవాళ్లలో తమ ఒళ్లు తమకు నచ్చని వాళ్లు, దిగులుగా ఉన్నామన్నవాళ్లు కొంచెం ఎక్కువగా కనబడ్డారు. అంతే, కొంచెం. చాలామంది ఎంత చూసినా బాగానే ఉన్నామన్నారు. కొందరు, ఫోనులో దొరికిన స్నేహితుల వల్లే కుదుటపడ్డామని రాశారు. నేను చార్టు మీద "ఫోనే కారణం" అని పెద్ద అక్షరాలతో రాయమన్నాను.

"అట్ల రాయలేం సార్" అంది ఆ అమ్మాయి.

"ఎందుకు రాయలేవు?"

"చూసి దిగులైతున్నరో, దిగులుండి చూస్తున్నరో మనకు తెల్వదు గద సార్. మనం ఒక్కసారే అడిగినం. ఇంకేదన్న వేరే బాధ వల్ల రెండూ అయితుండొచ్చు. ఎంతసేపు చూస్తున్నమో గుడ ఎవరికీ సరిగ్గ యాదికుండది, అందాజగ రాసిన్రు."

గణితం చెప్పే నేను ఆమెకు చెప్పవలసిన పాఠం అది. రెండు విషయాలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేమని నేనే బోర్డు మీద రాసినవాణ్ణి. ఆ రోజు మాత్రం "నువ్వు చెప్పినట్టు రాస్తే చూసేటోళ్లు ఒక్క నిమిషం గుడ నిలబడరు" అన్నాను.

ప్రదర్శనకు ముందే తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. ఆ చార్టు గోడకు తగిలించి మాట్లాడాను. "మా కాలంలో ఈ ఫోన్లు లేవు. ఒకరిని చూసి ఒకరు కుళ్లుకోవడం లేదు. హాయిగా పెరిగినం" అన్నాను. అదీ నిజం కాదు. ఎనభైల్లో హైవే పక్కన ఒక ఫొటో స్టూడియో ఉండేది. దాని అద్దాల పెట్టెలో నిండైన భుజాల కుర్రాళ్ల ఫొటోలు పెట్టేవారు. నేను బడికి పోతూ వాటి ముందు ఆగి నా మణికట్టు చూసుకునేవాణ్ణి. సన్నగా ఉన్నానని ఎండాకాలంలో కూడా చొక్కా మీద చొక్కా వేసుకునేవాణ్ణి. మా చిన్నాయన అందరి ముందు ఆ పై చొక్కా గుండీలు విప్పి "సూడుండ్రి, లోపల ఏం లేదు" అని నవ్వాడు. అప్పుడు ఫోను లేదు. అయినా ఆ అద్దాల పెట్టె నేను దాటగానే వెనక ఉండిపోయేది. ఇప్పటి పెట్టె జేబులో ఉంటుంది. దానివల్ల ఎంత తేడా వచ్చిందో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పడమే నా తప్పు.

సమావేశం అయ్యాక తండ్రులంతా నన్ను మెచ్చుకున్నారు. ఆ అమ్మాయి తండ్రి నా చెయ్యి పట్టుకుని "మంచిగ కండ్లు తెరిపిచ్చిన్రు సార్" అన్నాడు.

ఆ తరువాతి వారం ఆమె రాలేదు. స్నేహితురాళ్లను అడిగితే, తండ్రి ఫోను గుంజుకున్నాడని చెప్పారు. ఫోను లేకపోతే బస్సు ఎక్కిందో లేదో, ఎక్కడుందో ఎట్లా తెలుస్తుందని తల్లి భయపడింది. ఇక కాలేజీకి పంపేది లేదు, ఇంట్లోనే ఉండి చదువుకుంటుందని తేల్చారు. సైన్స్ గ్రూపు, ప్రాక్టికల్స్ ఉన్నాయి, ఇంట్లో ఉండి ఎట్లా చదువుతుంది? నా ప్రసంగం ఒక మంచి విద్యార్థిని ఇంట్లో కూర్చోబెట్టింది.

ఆదివారం వాళ్ల ఊరికి పోయాను. ముంగిట్లో అల్లం కుప్పగా పోసి, మట్టి దులుపుతున్నారు. తండ్రి మంచం వాల్చాడు, ఆమె నీళ్లు తెచ్చిచ్చి గడప దగ్గర నిలబడింది.

"బిడ్డను పంపుండ్రి పటేలా" అన్నాను.

"మీరే అంటిరి గద సార్, ఫోనుతోటి పిల్లలు కరాబైతున్నరని. లెక్కల రుజువైందంటిరి."

"కాలేదు. నేను ఎక్కువ చెప్పిన."

"అంటె? ఫోను మంచిదంటరా ఇప్పుడు?"

"అట్ల గుడ చెప్పలేను."

ఆయన చేతిలోని అల్లం కుప్ప మీద పడేశాడు. "మంచిది గాదు, చెడ్డది గాదు. మరి ఇన్ని దినాలు ఏం సర్వే జేసిన్రు సార్? మా అల్లంల కుళ్లు తెగులొస్తె గిట్లనే చెప్తరా?"

నేను నోరు తెరిచేలోపు ఆమె అందుకుంది.

"నాయినా, అల్లం కుళ్లితె నీళ్లు నిలిచినయా, విత్తనం చెడ్డదా అని రెండూ చూస్తవు గద. ఒక్క నీళ్లే చూసి నీళ్లదే తప్పంటవా?"

"అన."

"మేం నీళ్లే చూసినం. సర్వేల తెలిసింది గింతే, ఎక్కువ చూసేటోళ్లల కొంతమందికి బాధ ఎక్కువుంది. ఎందుకున్నదో తెల్వదు. ఎవరికి మంచిది, ఎవరికి చెడ్డది అనేది గుడ అందరికి ఒక్కతీరుగ ఉండది. ఇంకో ప్రశ్న అడగాల్సి ఉండె."

ఆమె ఆగింది. నన్ను చూడలేదు. నన్ను పట్టివ్వలేదు కూడా. ఆ క్షణంలో సిగ్గు కంటే గర్వమే నాకు ముందు కలిగింది. నా దగ్గర చదివిన పిల్ల, తనకు తెలిసినంతే చెప్పి, తెలియని చోట ఆగింది.

"ఆ ప్రశ్న తీసేయించింది నేనే" అన్నాను. ఏం ప్రశ్నో, ఎందుకు తీయించానో, ఆమెను తరగతిలో ఏమని పిలిచేవాణ్ణో అన్నీ చెప్పాను.

తండ్రి ముఖం మారింది. "సార్‌వై ఉండి నా బిడ్డను అట్లంటివా?"

తల్లి తలుపు చాటు నుంచి ముందుకు వచ్చింది. "సార్‌నంటున్నవు గని, మనమేం తక్కువ అంటున్నమా? ఎండకు పోకు, ఇంక నల్లగైతవని నేను రోజు అంట. ఫంక్షన్ల మీ అక్క అయితే మొకం మీదనే అంటది."

తండ్రి మళ్లీ ఒక అల్లం కొమ్ము చేతిలోకి తీసుకుని మట్టి దులిపాడు. తరువాత తండ్రి అన్నాడు: "ఫోనిస్త. బస్సుకు పంపుత. గని సార్, ఈడ నాలుగు గోడల నడుమ చెప్తె ఏం ఫాయిద? ఆ మాట మైకుల అన్నరు. ఇది గుడ మైకుల చెప్పుండ్రి."

ఆమె మర్నాడే వచ్చింది. తీసేసిన ప్రశ్నను తిరిగి పెట్టి వాళ్లు సర్వే మళ్లీ చేశారు. మాటలు పడేవాళ్లలో దిగులు ఎక్కువగా కనబడింది. వాళ్లే ఫోను కూడా ఎక్కువ చూస్తున్నారు. మాటలు పడనివాళ్లను విడిగా చూస్తే, ఫోను వల్ల అనుకున్న తేడా చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. కారణం ఇదేనని దీనితోనూ తేలదు. మా ఒక్క కాలేజీ పిల్లలను చూసి లోకమంతటికీ చెప్పలేం. ప్రదర్శనలో పరిశీలకుడు "ఇంతకీ మీరు కనిపెట్టిందేమిటి?" అని అడిగితే, ఆమె తడబడకుండా ఇదంతా చెప్పింది. బహుమతి రాలేదు. రాకెట్టుకు వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆ ముగ్గురూ నవ్వుతూ కూర్చుంటే, బహుమతి తెచ్చిన ఏ బృందాన్ని చూసీ నేనంత పొంగిపోలేదు.

తరువాతి సమావేశంలో మైకు తీసుకున్నాను. పిల్లలను కూడా కూర్చోబెట్టమన్నాను. ఇంతకుముందు చెప్పింది రుజువు కాదని, ఏది తెలిసిందో, ఏది తెలియదో చెప్పాను. ఎవరైనా తిండి మానేసినా, రోజుల తరబడి దిగులుగా ఉన్నా, ఏ సర్వే కోసమూ ఆగకుండా దవాఖానకు తీసుకుపోవాలన్నాను. ఆ తరువాత ఆ అమ్మాయి కూర్చున్న వైపు తిరిగాను.

"బిడ్డా, నీ ప్రశ్న సరైనదే. దానికి జవాబుల నా పేరొస్తదని భయపడి తీసేయించిన. నిన్ను, ఈడ కూసున్న ఇంకొందరిని, ఒంటిని చూసి పేర్లు పెట్టి పిలిచిన. మీరు నవ్విన్రని మంచిగున్నదనుకున్న. మిమ్మల్ని ఎన్నడు అడగలే. తప్పు నాది. నన్ను మాఫ్ చేయుండ్రి."