నిలబడాల్సిన రెండంగుళాల నీళ్లు

మా బావ ముప్పై ఏళ్లుగా స్నానాల గదులకు వాటర్‌ప్రూఫింగ్ చేస్తున్నాడు. ఆయన పూత వేసి, నీళ్లు నిలబెట్టి చూసి, సరే అన్నాకే నేను టైల్స్ వేస్తాను. తన నీడనే నమ్మని మనిషి. బామ్మర్దిని, నన్నేం నమ్ముతాడు?

ఈ ఏడు ఆయన మోకాళ్లు మొరాయించాయి. కూతురు ఫోన్ల దుకాణంలో కుర్చీ ఉద్యోగం మానేసి, ఆ పని తను చేస్తానంది. బావ షరతు పెట్టాడు. పై అంతస్తులో ఇప్పుడు ఒప్పుకున్న ఈ ఒక్క స్నానాల గదిలో చుక్క కారకపోతే పని తనది, కారితే మళ్లీ ఆ కుర్చీయే.

నా మేనకోడలు నేల గీకి, దుమ్ము లేకుండా ఊడ్చింది. పైపుల చుట్టూ సందులు పూడ్చింది. గోడా నేలా కలిసేచోట సిమెంటుతో గుండ్రంగా తీర్చి, వలగుడ్డ పరిచి పూత వేసింది. అది ఆరాక అడ్డంగా రెండో పూత. గోడల మీద అడుగెత్తు, షవరు వైపు తల దాటేదాకా. వంక పెడదామని వెళ్లినవాణ్ణి వంక దొరక్క తిరిగొచ్చాను.

మూడు రోజులు ఆరనిచ్చి, డ్రెయిన్ మూసి, రెండంగుళాల నీళ్లు పెట్టారు. నీళ్ల మట్టం దగ్గర అమ్మాయి గోడ మీద పెన్సిలు గీత గీసింది. పక్కన బకెట్టులో నీళ్లు పోసి దానికీ గీసింది. అదెందుకని అడిగితే, గాలికి ఎంత ఆరిందో బకెట్టు చెబుతుందంది.

మర్నాడు చూస్తే బకెట్టులో నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. నేల మీదవి మాత్రం అరంగుళం దిగాయి. కింది ఇంటికి పరుగెత్తి, స్నానాల గది పైకప్పంతా తడిమి చూశాం. ఎక్కడా చెమ్మ లేదు.

"ఇవాళ కాకపోతే రేపు కనపడుతుంది. నీళ్లు ఎక్కడికో పోయాయిగా" అన్నాడు బావ.

అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా అక్కణ్ణుంచి వెళ్లిపోలేదు. పై గది నుంచి దిగే డ్రెయిన్ పైపుకి చెవి ఆనించింది.

"నాన్నా, ఇది విను."

లోపల చుక్క చుక్కగా పడుతున్న చప్పుడు. డ్రెయిన్ మూసింది బావే. ఆమె తెచ్చిన రబ్బరు బిరడా పక్కన పడేసి, తన పాత అలవాటు ప్రకారం ప్లాస్టిక్ సంచిలో గుడ్డ చుట్టి కుక్కాడు. ఎవర్నీ నమ్మని మనిషి పోయి పోయి గుడ్డపేలికను నమ్మాడు. నాకు నవ్వాగలేదు.

బిరడా బిగించి, మళ్లీ గీత దాకా నీళ్లు నింపారు. రెండు రోజులు గడిచాయి. బకెట్టులోనూ నేల మీదా ఒకే వెంట్రుకవాసి తగ్గింది. కింద పైకప్పు పొడిగా ఉంది.

ఇంటాయన ఫోన్ చేసి మొన్న నీళ్లెందుకు దిగాయని అడిగాడు. బావ కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"తప్పు నాది, పని మా అమ్మాయిది. ఇకమీదట తనతోనే మాట్లాడండి" అని ఫోన్ ఆమె చేతికిచ్చాడు. నా మేనకోడలి మొహం వెలిగిపోయింది. నాకూ సంతోషమేసింది.

ఆ సంతోషంలోనే టైల్స్ పెట్టె ఈడ్చుకుంటూ గదిలోకి అడుగు పెట్టబోయాను.

"పూత మీద పెట్టె ఈడ్చకు మామయ్యా" అంది మేస్త్రి.