ఎర్రయ్య మేస్త్రి దాచిన అరగోడ

కొడిమ్యాల ఎర్రయ్య మేస్త్రి ఎవరింటికి పోయినా ముందు జేబులోంచి తూకం గుండు తీసి గోడకు పట్టి చూస్తాడు. కొడుకు సాయికిరణ్‌కు పిల్లను చూడడానికి కోరుట్ల పోయిన రోజు కూడా అంతే. చాయ్ వచ్చేలోపే గుండు వేలాడదీసి, "అన్నా, మీ గోడ బయటికి ఒరిగింది" అన్నాడు. పిల్ల తండ్రి ముఖం మాడిపోయింది. సాయికిరణ్ తలెత్తలేదు. లోపలి గదిలోంచి పిల్ల మనీషా గొంతు మాత్రం వినిపించింది: "గదే నేను రెండేండ్ల సంది చెప్తున్న!" సివిల్ ఇంజనీరింగ్ చదివిన పిల్ల. సంబంధం అక్కడే కుదిరింది.

ఆ మనీషా ఇప్పుడు సిరిసిల్లలో ఇంజనీరు. పోయిన ఏడు ఆమెకొక పని వచ్చింది. రవీందర్ అనే ఆసామి తన మరమగ్గాల షెడ్డులో పూల డిజైన్లు నేసే జకార్డు మగ్గాలు పెట్టాలనుకున్నాడు. వాటి నెత్తిన ఎత్తు కావాలి. నేల నుంచి పైకప్పుకు ఇరవై అడుగులు, కానీ సరిగ్గా మధ్యలో నూలు పెట్టుకునే స్లాబు ఒకటి అడ్డం. దాన్ని కోసి తీసేయాలి. ముప్పై ఏళ్ల కింద ఆ షెడ్డు కట్టింది ఎర్రయ్యే. అందుకని మామను కూడా వెంట తీసుకుపోయింది.

మిషన్లవాళ్లు కోతకు సిద్ధంగా ఉన్నారు. మనీషా కాగితం చూపించింది.

"మామా, గీ మధ్య స్లాబు గోడను నడుమల పట్టుకున్నది. తీస్తే గోడ ఒక్కటే ఇరవై అడుగులైతది. పైన కింద గట్టిగ పట్టున్నది గనుక లెక్కకు ముప్పావు ఎత్తు, పదిహేను అడుగులు. గోడ తొమ్మిదంగుళాలు. మందానికి ఇరవై రెట్ల ఎత్తన్నట్టు. ఇరవై ఏడు దాక ఒప్పుకుంటరు. పొట్టి గోడ వంద మోస్తే గిది అరవై దాక మోస్తది. మనకది సరిపోతది."

"పైకప్పు బరువు గోడ మందానికి నడుమల కూసుంటేనా?" అన్నాడు ఎర్రయ్య.

"మరి పైకప్పు స్లాబు గోడ నిండ కూసున్నది కదా?"

ఎర్రయ్య బయటికి పోయి బీడీ ముట్టించాడు.

పైకప్పు స్లాబు గోడ మందం నిండా కూర్చోలేదు. ఆ సంగతి లోకంలో ఎర్రయ్య ఒక్కడికే తెలుసు. అప్పట్లో కాంక్రీటు అంచుకు అడ్డం పెట్టే పలకలు చాలక, బయటి సగం ఇటుక వరుసను పైదాకా లేపి, దానినే పలకగా వాడి కాంక్రీటు పోశాడు. పైకప్పు లోపలి నాలుగున్నర అంగుళాల మీదే నిలిచింది. పైన ప్లాస్టరు పూశాక ఎవరికీ కనబడలేదు. గుండు పట్టి చూస్తే గోడ నిటారుగానే ఉంటుంది మరి.

నోరు మూసుకుంటే పేరు నిలబడుతుంది. షెడ్డు నిలబడుతుందో లేదో తెలియదు. లోపల పద్నాలుగు మంది పని చేస్తున్నారు.

బీడీ సగంలోనే పారేసి, నిచ్చెన గోడకు బయటినుంచి వేసి, సుత్తీ ఉలీ పట్టుకుని ఎక్కాడు.

"ఏందే మేస్త్రీ, గోడకు గుండు పట్టుడు మరిచి ఉలి పట్టినవ్?" అని నవ్వాడు రవీందర్.

పైకప్పు ఎత్తులో ప్లాస్టరు రాలింది. కాంక్రీటు కనిపించాల్సిన చోట ఎర్రటి ఇటుక కనిపించింది.

"చూడుండ్రి. గిది నేను చేసిన తప్పు" అన్నాడు ఎర్రయ్య పైనుంచే. "పైకప్పు స్లాబు గోడ లోపలి సగం మీదనే ఉన్నది. బిడ్డా, గిప్పుడు లెక్క కట్టు."

మనీషా వెంటనే కట్టింది. బరువు గోడ నడుమ నుంచి రెండుంబావు అంగుళాలు లోపలికి జరిగింది. అంటే మందంలో పావు. "అరవై కాదు మామా, నలభై. ఒక పక్క బరువు గోడను వంచుతది. సన్నగ ఎత్తుగున్న గోడ వంగినకొద్ది బరువు ఇంకింత పక్కకు జరుగుతది. సరిపోదు."

"మరి ముప్పై ఏండ్లు ఎట్ల నిలిచింది?" అన్నాడు రవీందర్.

"నువ్వు గిప్పుడు కోయమన్న స్లాబే నిలబెట్టింది సేటూ" అంది మనీషా.

రవీందర్ ఎర్రయ్యను పైనుంచి కిందికి చూశాడు. "ఊళ్లె అందరి గోడలకు పేర్లు పెడ్తివి గదనే!"

"పెట్టిన. గిప్పుడు నాకు పెట్టు. గని కోత ఆపు."

కోత ఆగింది. పైకప్పు కింద జాకీలు పెట్టారు. మనీషా గీసినట్టు పది అడుగులకొకటి లోపలివైపు పైదాకా ఇటుక దిమ్మలు కట్టారు, పాత గోడతో ఇటుకను కలుపుతూ. వాటి మీద ఇనుప దూలం వేసి పైకప్పు స్లాబు అంచును దాని మీదికి ఎక్కించారు. మోకాళ్లు పట్టేసినా ప్రతి దిమ్మకూ తొలి ఇటుక నుంచి చివరి ఇటుక దాకా ఎర్రయ్యే పెట్టాడు. ఇంకొకర్ని తాపీ ముట్టనీయలేదు. అంతా గట్టిపడ్డాకే మధ్య స్లాబు కోశారు. కోస్తున్నంతసేపూ గోడకు గుండు పట్టుకుని నిలబడ్డాడు. దారం కదల్లేదు.

ఇప్పుడు ఎవరింటికి పోయినా గుండు పట్టాక బయటికి పోయి స్లాబు ఎత్తులో గోడను తట్టి వింటున్నాడు. మొదట తట్టింది కొడిమ్యాలలోని సొంతింటి గోడనే.

"మామా, గిక్కడ గూడ సగమేనా?" అని అడిగింది మనీషా.

"ఒక్క అంతస్తే గద బిడ్డా, పొట్టి గోడ" అన్నాడు ఎర్రయ్య గొణుగుతూ.

"పైన ఇంకో అంతస్తు వేద్దామంటుండు నీ కొడుకు."

ఎర్రయ్య తాపీ వెతకడానికి లోపలికి పోయాడు.